ఎన్‌ఆర్‌ఆర్, రూల్ ఆఫ్ 40: సబ్‌స్క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ లెక్కలు చూసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెట్ రెవెన్యూ రిటెన్షన్ అంటే ఏమిటి?

సరిగ్గా ఏడాది క్రితం కంపెనీకి ఎవరెవరు కస్టమర్లుగా ఉన్నారో ఆ జాబితా తీసుకోండి. అప్పుడు వాళ్లంతా కలిసి ఏడాదికి ఎంత కడుతున్నారో రాసుకోండి. ఇవాళ అదే మనుషులు, అవే సంస్థలు ఎంత కడుతున్నాయో చూడండి. ఇవాళ్టి మొత్తాన్ని అప్పటి మొత్తంతో భాగిస్తే వచ్చే శాతమే నెట్ రెవెన్యూ రిటెన్షన్. పొట్టిగా ఎన్‌ఆర్‌ఆర్ అంటారు.

ఈ మధ్యలో కొత్తగా చేరిన కస్టమర్లు ఈ లెక్కలోకి రారు. వెళ్లిపోయినవాళ్లు మాత్రం సున్నాగా ఉంటారు. కొత్తవాళ్లు ఒక్కరూ రాకపోయినా ఈ వ్యాపారం పెరుగుతుందా, తరుగుతుందా అన్నదే దీంతో తెలుస్తుంది. 100 శాతం దాటితే పెరుగుతున్నట్టు, తగ్గితే తరుగుతున్నట్టు.

ఒక ఉదాహరణతో చూపిస్తారా?

ఈ పేజీ మొత్తం ఒకే ఉదాహరణతో నడుపుతాను. అన్నీ ఊహించుకున్న అంకెలే. ఏ కరెన్సీ అనుకున్నా ఫర్వాలేదు.

ఏడాది మొదట్లో ఒక కంపెనీకి 200 మంది కస్టమర్లు, వాళ్ల సబ్‌స్క్రిప్షన్ల వార్షిక విలువ 1000. ఈ వార్షిక విలువనే ఈ రంగంలో ఏఆర్‌ఆర్ అంటారు. ఏడాదిలో కొందరు పూర్తిగా మానేశారు, దాంతో 90 పోయింది. ఇంకొందరు మానలేదుగానీ లైసెన్సులు తగ్గించుకున్నారు, అలా మరో 50 పోయింది. మిగిలినవాళ్లలో కొందరు ఎక్కువమందికి లైసెన్సులు కొన్నారు, కొత్త మాడ్యూళ్లు తీసుకున్నారు, కొందరికి ధర పెరిగింది. అలా 260 వచ్చింది. 1000 లోంచి 140 తీసేసి 260 కలిపితే 1120. అంటే ఎన్‌ఆర్‌ఆర్ 112 శాతం.

పూర్తిగా కొత్త కస్టమర్ల నుంచి ఇంకో 130 వచ్చింది. ఏడాది చివరికి ఏఆర్‌ఆర్ 1250. వృద్ధి 25 శాతం. ఈ 25లో 12 పాతవాళ్లు ఇచ్చింది, 13 కొత్తవాళ్లు ఇచ్చింది. ఈ విభజన గుర్తుపెట్టుకోండి, రూల్ ఆఫ్ 40 దగ్గర పనికొస్తుంది.

స్ప్రెడ్‌షీట్‌లో ఎలా వేయాలి?

మూడు కాలమ్‌లు చాలు. మొదటిది కస్టమర్ ఐడీ, రెండోది ఏడాది క్రితం ఏఆర్‌ఆర్, మూడోది ఇవాళ్టి ఏఆర్‌ఆర్. కొత్తగా వచ్చినవాళ్లకు రెండో కాలమ్‌లో సున్నా, వెళ్లిపోయినవాళ్లకు మూడో కాలమ్‌లో సున్నా. ఆ తర్వాత:

```
NRR: =SUMIF(B2:B500,">0",C2:C500)/SUM(B2:B500)

GRR: =SUMPRODUCT((C2:C500<B2:B500)*C2:C500
      +(C2:C500>=B2:B500)*B2:B500)/SUM(B2:B500)
```

రెండో ఫార్ములా గ్రాస్ రెవెన్యూ రిటెన్షన్‌ది. ఇందులో ఎవరైనా ఎక్కువ కొన్నా లెక్కలోకి తీసుకోం. ప్రతి కస్టమర్ దగ్గరా పాత విలువ, కొత్త విలువల్లో ఏది తక్కువైతే అదే కలుపుతాం. కాబట్టి జీఆర్‌ఆర్ ఎప్పుడూ 100 దాటదు. మన ఉదాహరణలో 1000 నుంచి 140 పోయింది కనుక జీఆర్‌ఆర్ 86 శాతం.

ఈ లెక్కలో తప్పు ఎక్కడ దొర్లుతుంది?

ఎక్కువగా జాబితా దగ్గరే. బిల్లింగ్ సిస్టమ్ నుంచి ఇవాళ యాక్టివ్‌గా ఉన్న కస్టమర్లను దించుకుని, వాళ్లు ఏడాది క్రితం ఎంత కట్టారో వెనక్కి వెతుకుతారు. అలా చేస్తే వెళ్లిపోయినవాళ్లు ఆ జాబితాలోనే ఉండరు. మన కంపెనీలో మానేసినవాళ్ల 90ని పైనా కిందా రెండు చోట్లా వదిలేస్తే 910కి 1120 అవుతుంది. అంటే 123 శాతం. కావాలని ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎక్స్‌పోర్ట్ చేసిన తేదీ మారిందంతే, ఎన్‌ఆర్‌ఆర్ 11 పాయింట్లు పెరిగిపోయింది. అందుకే జాబితాను పాత తేదీ నుంచి ముందుకు నడపాలి, ఇవాళ్టి నుంచి వెనక్కి కాదు. 123 లాంటి అంకె కనిపించగానే మొత్తంతో సరిపోల్చండి. జాబితాలో ఏడాది క్రితం కాలమ్‌ను కూడితే అప్పటి కంపెనీ మొత్తం ఏఆర్‌ఆర్, మన ఉదాహరణలో 1000, రావాలి. వెళ్లిపోయినవాళ్ల మొత్తాన్ని విడిగా చూపించమనాలి. అది సున్నా అని వస్తే జాబితా తప్పు.

ఇంకో చిక్కు ఐడీలతో వస్తుంది. ఇద్దరు కస్టమర్లు విలీనమై ఒకే ఖాతా కిందికి వస్తే, ఒకరు మానేసినట్టూ ఇంకొకరు పెరిగినట్టూ కనిపిస్తుంది. ఎన్‌ఆర్‌ఆర్ మారదుగానీ జీఆర్‌ఆర్ అన్యాయంగా పడిపోతుంది. పాత కస్టమర్‌కు చెందిన ఇంకో విభాగం కొత్త ఐడీతో చేరితే దీనికి రివర్స్: నిజానికి పాతవాళ్ల విస్తరణే, కానీ కొత్త అమ్మకంగా నమోదవుతుంది. మాతృసంస్థ స్థాయిలో లెక్కించాలా, ఖాతా స్థాయిలోనా అన్నది ముందే నిర్ణయించుకుని ప్రతి త్రైమాసికంలో అదే పాటించాలి.

112 శాతం అంటే కంపెనీ బాగున్నట్టేనా?

ఆ ఒక్క అంకెతో చెప్పలేం. నేనైతే వెంటనే అడిగేది, ఆ 260 విస్తరణ ఎంతమంది దగ్గర నుంచి వచ్చిందని. మన కంపెనీలో అందులో 170 ముగ్గురు పెద్ద కస్టమర్ల నుంచే వచ్చిందనుకుందాం. ఏడాది క్రితం ఆ ముగ్గురి ఏఆర్‌ఆర్ 150, ఇప్పుడు 320.

వాళ్లను పక్కన పెట్టండి. మిగతా 197 మంది 850తో మొదలయ్యారు. పోయిన 140 మొత్తం వాళ్లదే. వాళ్ల నుంచి వచ్చిన విస్తరణ 90. చివరికి 800. అంటే ఎన్‌ఆర్‌ఆర్ 94 శాతం. కంపెనీ కస్టమర్లలో నూటికి 98 మంది ఉన్న భాగం ఏటా కుంచించుకుపోతోంది. పైకి మాత్రం 112, మేడిపండులా.

ఈ పరిస్థితిని జీఆర్‌ఆర్ ముందే సూచిస్తుంది. 112కి, 86కి మధ్య 26 పాయింట్ల తేడా ఉంది. తేడా పెద్దదిగా ఉంటే ఒక చోట బాగా పోతోంది, ఇంకో చోట బాగా వస్తోంది అని అర్థం. ఆ రెండు చోట్లూ ఒకే రకం కస్టమర్లా, వేర్వేరా అన్నది చూడాలి. పరిమాణాన్ని బట్టి కస్టమర్లను మూడు నాలుగు గుంపులుగా విడగొట్టి, ప్రతి గుంపుకూ ఎన్‌ఆర్‌ఆర్ విడిగా వేస్తే సగం సంగతి బయటపడుతుంది.

మిగిలిన 90 విస్తరణను కూడా విప్పి చూడాలి. అందులో ఎక్కువ భాగం ధర పెంచడం వల్లే వచ్చిందంటే, వాడకం పెరగలేదన్నమాట. ధర పెంపు ఫలితం ఎన్‌ఆర్‌ఆర్‌లో పన్నెండు నెలలు మెరుగ్గా కనిపిస్తుంది, ఆ తర్వాత పాత తేదీ లెక్కలోకే పెరిగిన ధర వచ్చేస్తుంది కనుక ఆ మెరుపు ఉండదు. ధర నచ్చక మానేసేవాళ్లు మాత్రం కాంట్రాక్టు రెన్యూవల్‌కి వచ్చినప్పుడు, అంటే కాస్త ఆలస్యంగా, మానేస్తారు.

మంచి ఎన్‌ఆర్‌ఆర్ ఎంత?

ఎవరికి అమ్ముతున్నారన్నదాన్ని బట్టి. పెద్ద సంస్థలకు అమ్మేవాళ్లకు 110 నుంచి 120 మంచి స్థాయి, జీఆర్‌ఆర్ 90 పైన ఉండాలి. చిన్న వ్యాపారాలకు అమ్మేవాళ్లకు 100 దగ్గర నిలబడటమే కష్టం, ఎందుకంటే ఆ కస్టమర్ల వ్యాపారాలే మూతపడుతుంటాయి. ఈ రెండు రకాల కంపెనీలనూ ఒకే పట్టికలో పెట్టి పోల్చడం సరికాదు.

ఒక్కో కంపెనీ నిర్వచనం కూడా వేరు. 2019లో జూమ్ పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు ప్రకటించిన 140 శాతం, పదిమందికి మించి ఉద్యోగులున్న కస్టమర్లకు మాత్రమే వేసినది. ఆ సంగతి పత్రంలోనే స్పష్టంగా రాశారు. కానీ ఫుట్‌నోట్ చదవని మనిషికి అది కంపెనీ మొత్తానికి వర్తించే అంకెలా అనిపిస్తుంది.

రూల్ ఆఫ్ 40 అంటే ఏమిటి? ఎక్కడి నుంచి వచ్చింది?

వృద్ధి శాతం, లాభం శాతం కలిపితే 40కి తగ్గకూడదు అనే అంచనా సూత్రం. 40 శాతం పెరుగుతూ లాభం లేకపోయినా సరే, 20 పెరుగుతూ 20 మిగుల్చుకున్నా సరే, 60 పెరుగుతూ 20 నష్టపోయినా సరే. ఇన్వెస్టర్ బ్రాడ్ ఫెల్డ్ 2015లో దీని గురించి రాశాక బాగా వాడుకలోకి వచ్చింది. తాను దీన్ని ఒక బోర్డు సమావేశంలో మరో ఇన్వెస్టర్ నోట విన్నానని ఆయనే చెప్పారు.

40 అనే అంకె వెనక సిద్ధాంతమేమీ లేదు. పెరుగుదల కోసం ఖర్చు పెట్టే డబ్బుకూ, మిగుల్చుకునే డబ్బుకూ మధ్య మార్పిడి ఉంటుంది, ఆ మార్పిడి మరీ నష్టదాయకంగా జరగకూడదు అన్నదే దీని ఉద్దేశం.

ఇందులో లాభం అంటే ఏ లాభం?

అసలు గొడవంతా ఇక్కడే. కొందరు ఎబిటా, అంటే వడ్డీ, పన్నులు, తరుగుదల తీసేయకముందు లాభం తీసుకుంటారు, కొందరు ఫ్రీ క్యాష్ ఫ్లో, అంటే ఖర్చులూ పెట్టుబడులూ పోగా చేతిలో మిగిలే నగదు తీసుకుంటారు. లిస్టెడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎక్కువగా ఫ్రీ క్యాష్ ఫ్లో వైపే మొగ్గుతాయి, అది వాళ్లకు అనుకూలం కూడా. ఏడాది డబ్బు ముందే వసూలు చేసే కంపెనీకి, పెరుగుతున్నంత కాలం నగదు లాభంకన్నా ముందే వచ్చి పడుతుంటుంది. ఉద్యోగులకు షేర్ల రూపంలో ఇచ్చే జీతం నగదు ఖర్చు కాదు కనుక అందులో కనిపించదు. బ్యాంకులో పెద్ద మొత్తం ఉంటే దాని మీద వచ్చే వడ్డీ కూడా ఇందులోనే కలుస్తుంది.

మన కంపెనీ వృద్ధి 25, ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్ 15 అనుకుందాం. కలిపితే 40, పాసైంది. కానీ ఆదాయంలో 18 శాతం విలువ చేసే షేర్లు ఉద్యోగులకు ఇచ్చిందనుకోండి. దాన్ని ఖర్చుగా తీసేస్తే మార్జిన్ మైనస్ 3, స్కోరు 22. ఆ ఖర్చు నిజమైనదే, వాటాదారుల వాటా పలచబడటం రూపంలో వాళ్లే భరిస్తున్నారు. అందుకని నా పద్ధతి రెండు స్కోర్లూ పక్కపక్కన రాసుకోవడం. రెండింటి మధ్య దూరం ఏటా పెరుగుతుంటే ఆ 40ని నమ్మను.

వృద్ధి వైపు కూడా ఒక జాగ్రత్త అవసరం: మరో కంపెనీని కొనడం వల్ల వచ్చిన ఆదాయాన్ని విడదీసి చూడాలి.

స్కోరు 40 ఉంటే ఇక ఎన్‌ఆర్‌ఆర్ ఎందుకు చూడాలి?

ఎందుకంటే 40 అనేది ఒక మొత్తం. అది ఎలా వచ్చిందో చెప్పదు. ఇప్పుడు రెండో కంపెనీని పక్కన పెడదాం. అదీ 1000తో మొదలై 1250కి చేరింది, అదీ 15 శాతం మార్జిన్ చూపిస్తోంది. స్కోరు 40. కానీ దాని పాత కస్టమర్ల నుంచి 160 పోయింది, 80 మాత్రమే అదనంగా వచ్చింది. ఎన్‌ఆర్‌ఆర్ 92. 1250కి చేరాలంటే కొత్త కస్టమర్ల నుంచి 330 తేవాల్సి వచ్చింది.

కొత్త కస్టమర్ నుంచి 1 ఏఆర్‌ఆర్ తేవడానికి అమ్మకాలు, మార్కెటింగ్ ఖర్చు 1.5 అనీ, పాత కస్టమర్ నుంచి అదనంగా 1 తేవడానికి 0.5 అనీ అనుకుందాం. పాతవాళ్లకు అమ్మడం చవకన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే, కచ్చితమైన నిష్పత్తి కంపెనీని బట్టి మారుతుంది. మొదటి కంపెనీకి కొత్త 130కి 195, విస్తరణ 260కి 130, మొత్తం 325 ఖర్చు. రెండో కంపెనీకి 330కి 495, 80కి 40, మొత్తం 535. తేడా 210.

ఏడాదిలో రెండు కంపెనీల ఆదాయమూ 1000కి, 1250కి మధ్యలో, సుమారు 1125 ఉంటుంది. 210 అంటే అందులో దాదాపు 19 శాతం. అమ్మకాల మీద 19 పాయింట్లు ఎక్కువ ఖర్చు పెట్టిన కంపెనీ కూడా అదే 15 శాతం మిగుల్చుకుందంటే, ఆ 19 ఇంకెక్కడో కోసిందన్నమాట. కోయడానికి ఎక్కువ చోట్లు ఉండవు. ఉత్పత్తిని అభివృద్ధి చేసే ఇంజినీర్లు, కస్టమర్ సపోర్ట్, అంతే. ఆ రెండూ తగ్గితే వచ్చే ఏడాది మానేసేవాళ్లు ఇంకా పెరుగుతారు. 92 అక్కడే ఉండదు.

ఒకవేళ అక్కడే ఉన్నా చూడండి. వచ్చే ఏడాది మళ్లీ 25 శాతం పెరగాలంటే ఇద్దరికీ నికరంగా 312 దాకా కావాలి. ఎన్‌ఆర్‌ఆర్ నిలబడితే మొదటి కంపెనీకి పాతవాళ్లే 150 ఇస్తారు, కొత్తగా 162 తెస్తే సరిపోతుంది. రెండో కంపెనీకి పాతవాళ్ల దగ్గర 100 పోతుంది, కొత్తగా 412 తేవాలి. అమ్మకాల టీమ్ నిరుడు తెచ్చిన 330 మీద ఇంకో 82 కావాలి, ఆపై ఏడాది ఇంకా ఎక్కువ.

అయితే మొదటి కంపెనీ క్షేమమేనా?

ముగ్గురు కస్టమర్ల సంగతి మర్చిపోకండి. వాళ్లు మానేయక్కర్లేదు, ఉన్నచోటే ఆగిపోతే చాలు. ఈ ఏడాదే వాళ్ల విస్తరణ సున్నా అయి ఉంటే, 1000 లోంచి 140 పోయి, 90 విస్తరణ, 130 కొత్త అమ్మకాలు కలిసి 1080 అయ్యేది. ఎన్‌ఆర్‌ఆర్ 95. వృద్ధి 25 నుంచి 8కి పడేది. మార్జిన్ 15 అలాగే ఉందనుకున్నా స్కోరు 23. అంటే ఆ 40లో 17 పాయింట్లు మూడు సంతకాల మీద నిలబడి ఉన్నాయి.

రెండు కంపెనీలూ రెండు రకాల ప్రమాదంలో ఉన్నాయి. రెండో దానిది నెమ్మదిగా, ఏటా బయటపడే సమస్య. మొదటి దానిది ఒకే త్రైమాసికంలో బయటపడే సమస్య. రూల్ ఆఫ్ 40 రెండింటికీ ఒకే మార్కు వేసింది.

మూడేళ్ల కాంట్రాక్టులు ఉన్న కంపెనీలో ఈ లెక్కలు నమ్మొచ్చా?

కాస్త జాగ్రత్తగా. కాంట్రాక్టు మధ్యలో ఎవరూ మానలేరు. 1000 ఏఆర్‌ఆర్‌లో ఈ ఏడాది మూడో వంతు, అంటే 333 మాత్రమే రెన్యూవల్‌కి వచ్చిందనుకోండి. అందులో 50 పోయింది. జీఆర్‌ఆర్ 95 శాతం అని కనిపిస్తుంది. కానీ వెళ్లే అవకాశం ఉన్నవాళ్లలో 283 మాత్రమే నిలిచింది, అది 85 శాతం. అడగాల్సింది ఈ రెండో అంకె: రెన్యూవల్‌కి వచ్చినదానిలో ఎంత నిలిచింది అని.

వాడకాన్ని బట్టి బిల్లు వేసే కంపెనీల సంగతేమిటి?

అక్కడ ఎన్‌ఆర్‌ఆర్ బాగా పైకెళ్తుంది, అంతే బాగా కిందికీ వస్తుంది. క్లౌడ్‌లో డేటా నిల్వ, విశ్లేషణ సేవలు అమ్మే స్నోఫ్లేక్ ప్రకటించిన ఎన్‌ఆర్‌ఆర్ 2023 జనవరి చివర 158 శాతం, 2024 జనవరి చివర 131 శాతం. 131 ఇప్పటికీ గొప్ప అంకే. కానీ కస్టమర్ క్లౌడ్ ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే ఎవరికీ చెప్పక్కర్లేదు, సైన్ చేయక్కర్లేదు, క్వెరీలు తగ్గిస్తే చాలు. పైగా పన్నెండు నెలల మొత్తాల మీద వేసే ఎన్‌ఆర్‌ఆర్‌లో వాడకం తగ్గడం మెల్లగా కనిపిస్తుంది. ఇలాంటి కంపెనీలో నెలవారీ వాడకాన్ని చూస్తేనే ఇప్పుడేం జరుగుతోందో తెలుస్తుంది.

చిన్న స్టార్టప్‌కి రూల్ ఆఫ్ 40 వర్తిస్తుందా?

లేదు. ఆదాయం 10 నుంచి 30కి పెరిగితే వృద్ధి 200 శాతం. మార్జిన్ మైనస్ 150 ఉన్నా స్కోరు 50 వస్తుంది, దానికి ఏ అర్థమూ లేదు. ఆ దశలో జీఆర్‌ఆర్ ఒక్కటే చూడండి. కస్టమర్లు ఇరవై ముప్పై మందే ఉంటే శాతం కూడా వద్దు, ఎవరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు అని పేర్లతో రాసుకోండి.

కంపెనీ ఎన్‌ఆర్‌ఆర్ బయటపెట్టకపోతే అంచనా వేయొచ్చా?

కొన్నిసార్లు వేయొచ్చు. కొన్ని కంపెనీలు ఆదాయం పెరుగుదలలో ఎంత భాగం పాత కస్టమర్ల నుంచి వచ్చిందో, ఎంత కొత్తవాళ్ల నుంచి వచ్చిందో వార్షిక నివేదికలో రాస్తాయి. మన మొదటి కంపెనీ అలా రాస్తే, పెరిగిన 250లో 120 పాతవాళ్లది కనుక 48 శాతం అని వస్తుంది. వృద్ధి 25ని 0.48తో గుణిస్తే 12, అంటే ఎన్‌ఆర్‌ఆర్ 112 దగ్గర. ఇలా వేసేముందు ఆ నివేదికలో పాత కస్టమర్ అని ఎవరిని అన్నారో చదవండి. ఏడాది మధ్యలో చేరినవాళ్లను కొన్ని నెలలకే పాతవాళ్లుగా లెక్కిస్తే మీకు వచ్చే అంకె అసలుకన్నా ఎక్కువగా ఉంటుంది. ఇన్నాళ్లూ ప్రతి త్రైమాసికం ఎన్‌ఆర్‌ఆర్ చెప్పిన కంపెనీ ఉన్నట్టుండి ఆపేసినా, ఒక రకం కస్టమర్లకే పరిమితం చేసినా, మార్పుకు ముందు నాలుగు త్రైమాసికాల అంకెలు తీసి వరసగా రాసుకోండి. అవి అప్పటికే దిగుతూ వచ్చి ఉంటే, కంపెనీ ఆ తర్వాత చెప్పే వృద్ధి అంచనాల్లో పాత కస్టమర్ల భాగాన్ని తగ్గించి లెక్క వేసుకోండి.